ఒకే నెమలికంఠం రంగు, రెండు కుర్తాలు: అమ్మేవాళ్ల ఫోటోల్లో చూడవలసింది ఎక్కడ?

అనంతపురంలో బట్టలు కొనడమంటే నిన్నమొన్నటి దాకా వేళ్లతో తడిమి, దుకాణం గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూసి కొనడమే. ధర్మవరం పక్కనే ఉన్న ఊళ్లో రంగు గురించి, నేత గురించి ఆడవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కుర్తా కొనేటప్పుడు మాత్రం ఆ తెలివంతా అక్కరకు రాకుండా పోతోంది. చేతికి బట్ట తగలదు, గుమ్మం దాకా తెచ్చి చూసే వీలు లేదు, ఉన్నదల్లా ఐదారు ఫోటోలే. అయితే ఆ ఐదారు ఫోటోలను ఒక్కొక్కటిగా కాకుండా ఒకదానికి ఎదురుగా మరొకటి పెట్టి చూస్తే చాలా విషయాలు బయటపడతాయి. ఫోటో తీసేవాళ్లు మోడల్ ముఖం, మెడ, ఛాతీ భాగం బాగా రావాలని చూసుకుంటారు. కింది అంచు, మోచేతి మడత, చంక, వీపు మీద వాళ్లకు అంత శ్రద్ధ ఉండదు. కొనేవాళ్లకు కావలసిన సమాచారం అక్కడే మిగిలిపోయి ఉంటుంది.

దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. కాలేజీలో చదువుతున్న మా చెల్లెలి కూతురు నెమలికంఠం రంగు కుర్తా కావాలని ఇద్దరు అమ్మకందారుల ఫోటోలు పంపింది. మొదటిది 549 రూపాయలు. మోడల్ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, వేసుకున్నది ఎస్ సైజు, కుర్తా పొడవు 46 అంగుళాలు, బట్ట రేయాన్ అని రాశారు. రెండోది 899 రూపాయలు. మోడల్ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, పొడవు 44, అదీ రేయానే, మెడ దగ్గర ఎంబ్రాయిడరీ ఉంది. రెండు ఫోటోల్లోనూ కుర్తా మోకాలు దాటి పిక్క మధ్యకు వచ్చి ఆగింది. "రెండూ ఒకే పొడవు కదా పెద్దమ్మా, తక్కువ ధరది తీసుకుంటాను" అని రాసింది. తన ఎత్తు 5 అడుగుల 1 అంగుళం.

చిక్కు అక్కడే ఉంది. కుర్తా పొడవును మెడ పక్కన భుజం మొదలయ్యే చోటు నుంచి కింది అంచు దాకా కొలుస్తారు. మనిషికి ఆ చోటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందన్నదే లెక్క. అది దాదాపు మొత్తం ఎత్తులో ఆరింట ఐదు వంతులు. 68 అంగుళాల మోడల్‌కు సుమారు 57 అంగుళాలు. అందులో 46 పోతే కుర్తా నేలకు 11 అంగుళాల పైన, అంటే పిక్క మధ్యలో ఆగుతుంది. మా అమ్మాయి ఎత్తు 61 అంగుళాలు, భుజం నుంచి నేలకు సుమారు 51. అదే 46 అంగుళాల కుర్తా ఆమెకు నేలకు 5 అంగుళాల పైన, చీలమండకు కాస్త ఎగువన ఆగుతుంది. ఫోటోలో కనిపించిన తీరు ఆమె ఒంటి మీద రావాలంటే 41 అంగుళాల కుర్తా కావాలి. రెండో అమ్మకందారు మోడల్ రెండంగుళాలు పొట్టి, కుర్తా కూడా రెండంగుళాలు పొట్టి. అందుకే రెండు ఫోటోలూ ఒకేలా కనిపించాయి. మా అమ్మాయికి రెండోది నేలకు 7 అంగుళాల పైన ఆగుతుంది. అది కూడా కొంచెం పొడవే గానీ సరిచేసుకోగలిగిన పొడవు.

ఆరింట ఐదు వంతులన్నది చూపుకు అందే అంచనా మాత్రమే. ఇంట్లో టేపు ఉంటే మెడ పక్క నుంచి నేలకు ఒకసారి కొలిచి రాసిపెట్టుకుంటే ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. మోడల్ హైహీల్స్ చెప్పులు వేసుకుంటే లెక్క తప్పుతుంది కాబట్టి కుర్తా అంచు నేలకు ఎంత దూరంలో ఉందని కాక, మోకాలికీ చీలమండకీ మధ్య ఎక్కడ ఉందని చూడాలి. కెమెరాను నడుము కంటే కిందకు దించి తీసినా కాళ్లు సాగినట్టు, కుర్తా పొట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. మోడల్ తల ఒంటితో పోలిస్తే మరీ చిన్నగా అనిపిస్తే ఆ ఫోటోతో పొడవు లెక్క వేయకపోవడమే మంచిది.

పొడవు తేడా కింది అంచుతో ఆగదు. నడుము దగ్గర లోపలికి తీసిన ఆకారం, సైడ్ కట్ మొదలయ్యే చోటు కూడా పొడుగు మనిషి ఒంటికే కుదిరి ఉంటాయి. పొట్టి మనిషి వేసుకుంటే నడుము ఆకారం తుంటి మీదికి జారుతుంది, సైడ్ కట్ తొడ మీద మొదలై మెట్లెక్కేటప్పుడు, బండి ఎక్కేటప్పుడు పట్టేస్తుంది. కింద మడిచి కుట్టించినంత మాత్రాన ఇది సరికాదు. ఈ కారణంతోనే 46 అంగుళాల కుర్తాను మొదటి దశలోనే పక్కన పెట్టాలని నా అభిప్రాయం. పైగా ఎస్ నుంచి ఎల్‌కు వెళ్తే చుట్టుకొలత పెరుగుతుంది గానీ పొడవు చాలా కంపెనీల్లో అంతే ఉంటుంది. కాబట్టి సైజు మార్చి పొడవు తగ్గించుకోవచ్చన్న ఆశ పెట్టుకోకూడదు.

ఛాతీ కొలత దగ్గర మరో మెలిక ఉంది. కొలతల పట్టికలు రెండు రకాలు. ఒక రకంలో అంకె మీ ఒంటి కొలత, మరో రకంలో అది కుట్టిన బట్ట కొలత. మొదటి అమ్మకందారు పట్టికలో ఎల్ అంటే 38 అంగుళాల ఒళ్లున్నవాళ్లకు సరిపోయేది, రెండో దానిలో ఎల్ అంటే బట్ట చుట్టుకొలతే 40. అక్షరం ఒకటే అయినా రెండూ వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. ఈ గందరగోళానికి మందు ఇంట్లోనే ఉంది. ఒంటికి చక్కగా సరిపోయే పాత కుర్తాను మంచం మీద పరిచి, ఒక చంక నుంచి రెండో చంకకు అడ్డంగా కొలిచి రెట్టింపు చేయాలి. మా అమ్మాయి కుర్తా అడ్డం 19న్నర వచ్చింది, అంటే చుట్టూ 39. ఆమె ఒంటి కొలత 36న్నర. రెండో అమ్మకందారు ఎమ్ సైజు 38 అంగుళాల బట్ట. దానిలో ఒంటికి మిగిలే వదులు అంగుళంన్నరే, సాగని రేయాన్‌కు అది చాలదు. ఎల్ తీసుకుంటే మూడున్నర అంగుళాల వదులు ఉంటుంది.

మోడల్ ఒంటి మీద కుర్తా అతికినట్టు కనిపించడానికి కారణం చాలాసార్లు వీపు వెనకాల ఉంటుంది. వదులుగా ఉన్న బట్టను వెనక్కి లాగి క్లిప్పులు పెట్టి ముందు నుంచి ఫోటో తీస్తారు. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. నడుము దగ్గర బట్ట మీద సన్నటి గీతల్లా ముడతలు పక్కలకు, అక్కడి నుంచి వెనక్కి పరుగెత్తుతూ ఉంటాయి. నిలువు చారల డిజైన్ అయితే చారలు నడుము దగ్గర వెనక్కి వంగుతాయి. పక్క కుట్టు చంక కింద నేరుగా దిగకుండా వీపు వైపు జరిగి ఉంటుంది. వెనక నుంచి తీసిన ఫోటో ఒక్కటి కూడా లేకపోయినా, ఉన్నదానిలో మోడల్ జుట్టు వీపంతా కప్పేసినా అనుమానించాల్సిందే. మొదటి కుర్తా ఫోటోల్లో వెనక వైపు అసలు లేదు.

ఇక బట్ట పడే తీరు. దీనికి ముందు వైపు నిలబడిన ఫోటో పనికిరాదు, ఎందుకంటే దాన్ని అప్పుడే ఇస్త్రీ చేసి నిలబెట్టి ఉంటారు. మోడల్ చెయ్యి మడిచిన ఫోటో, నడుస్తున్న ఫోటో, కూర్చున్న ఫోటో వెతకాలి. మోచేతి లోపలి మడత చూడండి. నూలు బట్ట అక్కడ కాగితం మడిచినట్టు కోసుగా విరుగుతుంది, గీత పదునుగా ఉంటుంది. రేయాన్ గుండ్రంగా, మెత్తగా వంగి ఒకదాని కింద ఒకటిగా చిన్న మడతలు పడుతుంది. కింది అంచు దగ్గరా అంతే. నూలు కుర్తా ఒంటికి కాస్త ఎడంగా నిలుస్తుంది, రేయాన్ కాళ్లకు ఆనుకుని నిలువు మడతలతో జాలువారుతుంది. బట్ట రేయాన్ అని రాసి ఉండి, ఫోటోలో అంచు గంజి పెట్టినట్టు బిరుసుగా నిలిచి ఉంటే రెండే అవకాశాలు. రాసింది తప్పు కావచ్చు, లేదా కొత్త బట్టకు బిరుసుదనం కోసం పట్టించిన పూత ఉండవచ్చు. ఆ పూత ఉతికితే పోతుంది, ఆ తరువాత బట్ట ఫోటోలోలా నిలవదు.

మనిషి లేకుండా బట్ట గాలిలో నిలబడ్డట్టు తీసిన ఫోటోల్లో, నేల మీద పరిచి తీసిన ఫోటోల్లో పడే తీరు గురించి ఏమీ తెలియదు. వాటిని కుట్టు కోసం మాత్రమే చూడాలి.

బట్ట పలుచనా కాదా అన్నది అనంతపురం ఎండలో చిన్న విషయం కాదు. పలుచగా ఉంటే లోపల మరో పొర వేసుకోవాలి, ఆ పొర పాలియెస్టర్ లైనింగ్ అయితే మే నెలలో భరించలేము. ఫోటోలో మోడల్ లోపల ఒంటి రంగు స్లిప్ వేసుకుంటుంది కాబట్టి ఛాతీ భాగం చూస్తే ఏమీ అర్థం కాదు. బట్ట రెండు పొరలైన చోట చూడాలి. కింది అంచు మడత, జేబు, గుండీల పట్టీ దగ్గర రంగు మిగతా బట్ట కంటే స్పష్టంగా చిక్కగా కనిపిస్తే ఒక్క పొర గుండా వెలుతురు పోతున్నట్టే. సైడ్ కట్ దగ్గర కుర్తా బట్ట ప్యాంటు మీద పడే చోట ప్యాంటు అంచు గీత లీలగా కనిపిస్తోందా అన్నది రెండో పరీక్ష. ఈ రెండింటిలోనూ మొదటి కుర్తా పలుచగా తేలింది. కింద ఒకటిన్నర అంగుళాల మడత చుట్టూ ముదురు పట్టీలా కనిపించింది. రెండో దానిలో ఆ తేడా దాదాపు లేదు.

కుట్టు విషయంలో నేను రాయదుర్గంలో రెడీమేడ్ బట్టలు కుట్టే ఒకావిడ చెప్పిన మాటను పట్టుకుంటాను. "మెడ మీది పువ్వులు చూడకండక్కా, సైడ్ కట్ పైకొన చూడండి. కూర్చున్నప్పుడల్లా బలం అక్కడే పడుతుంది" అని చెప్పింది. కట్ మొదలయ్యే ఆ కొన దగ్గర అడ్డంగా చిన్న బిగింపు కుట్టు ఉంటే బట్టను ఆలోచించి కుట్టినట్టు. ఆ కొన నుంచి ముడతలు నలువైపులా చిమ్మినట్టు ఉంటే కుట్టు బట్టను లాగుతోందని అర్థం, అక్కడే మొదట విడిపోతుంది. కింది అంచు కుట్టు వెంట బట్ట చిన్న చిన్న అలల్లా ముడుచుకుపోయి ఉంటే దారం మరీ బిగువుగా వేశారన్నమాట. ఇస్త్రీతో అది కొంత తగ్గుతుంది గానీ ఉతికినప్పుడల్లా తిరిగి వస్తుంది.

మెడ దగ్గర ఎంబ్రాయిడరీ నిజమైనదా, అచ్చు వేసినదా అన్నది ఫోటో పెద్దది చేస్తే తెలుస్తుంది. దారానికి మందం ఉంటుంది కాబట్టి పువ్వు అంచున ఒక వైపు సన్నటి నీడ పడుతుంది. ఒకే రంగు దారం అయినా కుట్టు దిశ మారిన చోట మెరుపు మారుతుంది: రేకు కుడి సగం వెలిగితే ఎడమ సగం కాస్త మసకగా ఉంటుంది. అచ్చులో రేకంతా ఒకే వెలుగు. అద్దాల పని అయితే మరీ తేలిక. నిజమైన అద్దాలు ఒక్కొక్కటి ఒక్కో కోణంలో ఉంటాయి, ఒకటి తెల్లగా మెరిస్తే పక్కది నల్లగా ఉంటుంది. అన్నీ ఒకే బూడిద రంగులో ఉంటే అవి అద్దాలు కావు. ఎంత పెద్దది చేసినా బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతూ, దగ్గరి ఫోటో ఒక్కటీ లేకపోతే కుట్టు గురించి ఏమీ తెలియదనే అనుకోవాలి, బాగుంటుందని ఊహించుకోకూడదు. మరో సంగతి. మెడ మీది ఎంబ్రాయిడరీ ముక్కను చాలా చోట్ల అన్ని సైజులకూ ఒకే వెడల్పుతో వేస్తారు. ఎస్ సైజు మోడల్ మీద ఛాతీ నిండుగా కనిపించిన పని డబుల్ ఎక్స్‌ఎల్ మీద నడిమధ్య సన్నటి ముక్కగా మిగులుతుంది. పెద్ద సైజు వాళ్లు కొనుగోలుదారుల ఫోటోల్లో తమ సైజు వేసుకున్నవాళ్లను వెతికి ఈ ఒక్కటీ చూసుకోవాలి.

రంగును చివరికి వదిలాను. అందరూ మొదట చూసేది అదే, ఫోటోలో అన్నిటికంటే నమ్మలేనిదీ అదే. నెమలికంఠం రంగు మరీ చిక్కు తెస్తుంది. నీలానికీ ఆకుపచ్చకీ మధ్య ఉండే చిక్కటి రంగులన్నిటినీ మామూలు తెరలు పూర్తిగా చూపలేవు. చూపలేని రంగును దగ్గరలో ఉన్న నీలం వైపో ఆకుపచ్చ వైపో నెట్టేస్తాయి. అందుకని ముందు మన వైపు నుంచి సర్దుకోవాలి. ఫోనులో రాత్రిపూట తెరను పసుపుగా మార్చే అమరిక ఆపేయాలి, రంగులను గాఢంగా చూపే అమరిక ఉంటే మామూలుకు మార్చాలి, రెండు కుర్తాలనూ ఒకే ఫోనులో ఒకే వెలుతురులో చూడాలి. ఒకటి నీ ఫోనులో, మరొకటి నా ఫోనులో పెట్టి పోలిస్తే ఆ పోలిక దేనికీ కొరగాదు.

తరువాత ఫోటోలో తెల్లగా ఉండాల్సిన వస్తువును వెతకాలి. రెండో కుర్తా మొదటి ఫోటోలో మోడల్ తెల్ల లెగ్గింగ్ వేసుకుంది. జాగ్రత్తగా చూస్తే ఆ తెలుపులో నీలి ఛాయ ఉంది. అంటే ఫోటో మొత్తం నీలం వైపు వాలింది, కుర్తా అసలు రంగు తెర మీద కనిపించినదాని కంటే కాస్త ఆకుపచ్చగా ఉండాలి. దగ్గర నుంచి తీసిన మెడ ఫోటోలో కుర్తా నిజంగానే ఆకుపచ్చకు దగ్గరగా ఉంది. ఇక కొన్నవాళ్లు పెట్టిన ఫోటోల్లో అది ఇంకా ఆకుపచ్చగా, దాదాపు ఆలివ్‌లా కనిపించింది. అక్కడ కూడా తెల్ల వస్తువే కావాలి. పార్సిల్ కవరు మీద చిరునామా చీటీ ఆ ఫోటోలో ఒక మూల పడి ఉంది, అది పసుపు పచ్చగా ఉంది. పసుపు బల్బు కింద తీసిన ఫోటో అది. కాబట్టి అసలు రంగు ఈ రెండు కొసల మధ్య, దగ్గరి ఫోటోకు చేరువలో ఉంది. కోరుకున్న నెమలికంఠం అదే.

మొదటి కుర్తాకు ఏడు రంగులున్నాయని చూపించారు. రంగు మీద నొక్కుతూ పోతే అన్నిటిలోనూ మోడల్ అదే నవ్వు, చెయ్యి అదే చోట, తొడ మీద మూడు మడతలూ గీతకు గీత అవే. మనిషి ఏడుసార్లు బట్టలు మార్చుకుని అదే మడతలతో నిలబడటం జరగదు. ఒక్క కుర్తాను ఫోటో తీసి మిగతా ఆరు రంగులనూ కంప్యూటర్‌లో పూశారు. అలా పూసిన రంగుకూ మిల్లులో అద్దిన రంగుకూ సంబంధం ఉండాలన్న నియమం లేదు. ఇలాంటి చోట ఏ రంగు నిజంగా ఫోటో తీశారో కొన్నిసార్లు పట్టుకోవచ్చు: దగ్గరి ఫోటోలు, వెనక వైపు ఫోటోలు ఏ ఒక్క రంగుకు మాత్రమే ఉన్నాయో సాధారణంగా అదే. కొన్నవాళ్ల ఫోటోలను చదివేటప్పుడు కూడా వాళ్లు ఏ రంగు, ఏ సైజు కొన్నారో చూడాలి, ఎందుకంటే చాలా యాప్‌లలో అన్ని రంగుల అభిప్రాయాలనూ ఒకే కుప్పగా పోసి చూపిస్తారు.

ఈలోపు మా అమ్మాయి మూడో లింకు పంపింది. రెండో కుర్తా ఫోటోయే, 399 రూపాయలకు. సూరత్‌లాంటి చోట్ల తయారీదారులు ఒకే కేటలాగు ఫోటోలను ఎందరో అమ్మకందారులకు ఇస్తారు కాబట్టి ఫోటో ఒకటే అయినంత మాత్రాన మోసమని చెప్పలేం. కానీ ఈ మూడో చోట ముందు వైపు ఫోటో ఒక్కటే ఉంది, పై భాగం అసలు దానికంటే కొంత కత్తిరించి ఉంది, కొన్నవాళ్ల ఫోటోల్లో మెడ ఎంబ్రాయిడరీ బదులు అచ్చు కనిపిస్తోంది. తయారీదారు లేదా ప్యాకర్ పేరు, తయారైన దేశం ఆన్‌లైన్‌లో చూపాలని లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. రెండు చోట్లా ఆ వివరాలు తెరిచి పక్కపక్కన పెట్టి చూస్తే పేర్లు వేరు. ఫోటో ఒకరిది, బట్ట మరొకరిది.

రెండో కుర్తా ఎల్ సైజు తెప్పించాం. వచ్చిన రోజు పార్సిల్ విప్పుతూ వీడియో తీయించాను, ట్యాగు తీయకుండా కిటికీ పక్కన పగటి వెలుతురులో ఫోటోతో పోల్చి చూశాం, పరిచి చంక నుంచి చంకకు, భుజం నుంచి అంచుకు కొలిచాం. కొలతలు పట్టికకు సరిపోయాయి. వచ్చిన బట్ట ప్రకటించిన లక్షణాలతో లేకపోతే వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. వాళ్లు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఈ వీడియో, ఈ కొలతలే అప్పుడు చేతిలో ఆధారం.

ఫోటో ఎంత చూసినా తెలియని విషయం ఒకటి ఉంది, ఉతికితే బట్ట ఎంత ముడుచుకుంటుందన్నది. రేయాన్ నిలువున ముడుచుకునే రకం. 44 అంగుళాల్లో 3 శాతం పోయిందనుకుంటే అంగుళానికి పైనే తగ్గి 42 ముప్పావు దాకా వస్తుంది. మనకు కావలసింది 41. వచ్చిన రోజే మూడంగుళాలు మడిచి కుట్టిస్తే మొదటి ఉతుకుతో కుర్తా మరీ పైకి పోతుంది. అందుకే ముందు చల్లటి నీళ్లలో ఒకసారి ఉతికి, నీడన ఆరేసి, మళ్లీ కొలిచి, మిగిలిన అంగుళంన్నరో రెండంగుళాలో అప్పుడు దర్జీకి ఇవ్వమని చెప్పాను.